గుడ్డు సొన నుంచి అవిసె నూనెకి: ఆదివారం పెయింటింగ్ క్లాసులో మీరు అడిగినవి

గుడ్డుతో బొమ్మలేంటండీ, నిజమేనా?
నిజమే. పచ్చసొన మీది పొర తీసేసి, సొనని నీళ్లతో, మెత్తగా నూరిన రంగుపొడితో కలిపితే అదే ఎగ్ టెంపరా. ఆమ్లెట్ తిన్న ప్లేటు కడక్కుండా వదిలేస్తే సొన ఎలా పట్టేస్తుందో తెలుసుగా, చెక్కపలక మీద రంగూ అలాగే పట్టుకుంటుంది. చాలా గట్టిది.

మరి యూరప్ చిత్రకారులు దాన్ని ఎందుకు వదిలేశారు?
క్షణాల్లో ఆరిపోతుంది, అదే చిక్కు. బుగ్గ మీద వెలుగు మెల్లగా నీడలోకి జారాలంటే రెండు రంగులూ తడిగా ఉండి ఒకదాన్లో ఒకటి కలవాలి, టెంపరాలో ఆ టైమ్ ఉండదు కాబట్టి వెంట్రుకంత సన్నటి గీతలు పక్కపక్కనే వందలకొద్దీ గీసుకుంటూ పోయేవాళ్లు. అవిసె నూనె అలా కాదు, అది నీళ్లలా ఆవిరవదు, గాల్లోని ఆక్సిజన్‌ని పీల్చుకుని నిదానంగా గట్టిపడుతుంది. రోజుల తరబడి తడి. నా దృష్టిలో అసలు మార్పంతా ఈ తడిలోనే ఉంది.

నూనె రంగుల్ని కనిపెట్టింది చిత్రకారుడు వాన్ ఐక్ అంటారు కదా?
ఇటలీ చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి 1550లో అలా రాశాడు, అది తప్పు. 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి రాసిన పుస్తకంలోనే నూనె రంగుల సంగతి ఉంది, అఫ్ఘానిస్థాన్ బామియాన్ గుహల్లో అంతకంటే పాతవి దొరికాయి. కానీ నూనెతో ఏం చేయొచ్చో చూపించింది మాత్రం యాన్ వాన్ ఐక్. 1434 నాటి ఆర్నోల్ఫిని దంపతుల బొమ్మని జూమ్ చేసి చూడండి: పైన ఇత్తడి దీపాల గుత్తి, ఒక్కొక్క కొమ్మ మీద పడిన వెలుగు, వెనక గోడకి గుండ్రటి అద్దం, అందులో గది మొత్తం, గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు మనుషులతో సహా! పల్చటి రంగుపొరలు ఒకదాని మీద ఒకటి వేస్తే వెలుతురు వాటిలోంచి లోపలికి వెళ్లి తిరిగొస్తుంది, అందుకే ఆ ఆకుపచ్చ గౌనుకి అంత లోతు.

ఒక్కసారిగా అందరూ మారిపోయారా?
లేదు. కింద టెంపరా, పైన నూనె వేసినవాళ్లు బోలెడుమంది. ఇటలీ చిత్రకారుడు బొట్టిచెల్లి వేసిన వీనస్ దేవత బొమ్మ 1480ల నాటిది, అప్పటికీ టెంపరానే. వెనిస్ చిత్రకారుడు బెల్లిని అయితే తన జీవితకాలంలోనే టెంపరా నుంచి నూనెకి మారాడు.

ఇంకేం వీలైంది?
దిద్దుకోవడం. బొమ్మలో చెయ్యి ఉన్న చోటు నచ్చకపోతే దాని మీదే మళ్లీ వేసేయొచ్చు. గుడ్డ మీద వేసి చుట్టేసి పంపొచ్చు. టిషియన్ చివరి రోజుల్లో వేళ్లతో కూడా రంగు రుద్దేవాడట, రెంబ్రాంట్ రంగుని ముద్దలా పెట్టి ఆ గుట్టల మీదే వెలుగు పడేలా చేశాడు.

ఇంట్లో ఉన్న వేరుశనగ నూనె పనికొస్తుందా?
రాదు, కొబ్బరి నూనె కూడా రాదు. ఎన్నాళ్లున్నా ఆరవు, జిడ్డుగానే ఉండిపోతాయి. అవిసె, అక్రోటు, గసగసాల నూనెలు ఆరతాయి. వచ్చే ఆదివారం ఎవరైనా రెండు గుడ్లు తెండి, అవిసె నూనె నేను తెస్తాను, ఒకే నీలంపొడిని రెండిట్లోనూ కలిపి పక్కపక్కన పూద్దాం.