కేస్: రాతి క్వారీ ప్రతిపాదనకు రెండు ఐఆర్ఆర్‌లు

క్వారీ ప్రతిపాదన నగదు ప్రవాహాలు (లక్షల్లో): ఇప్పుడు యంత్రాలకు −1000, ఏడాది చివర రాతి అమ్మకాలపై +3000, రెండో ఏడాది చివర గోతులు పూడ్చి నేలను చదును చేయడానికి −2160. మూలధన వ్యయం 12%.

ప్రాజెక్టు విభాగం నోట్‌లో ఐఆర్ఆర్ 20%, 12 కన్నా ఎక్కువ కాబట్టి ఆమోదించవచ్చని ఉంది. అదే షీట్‌లో ఈ మూడు మొత్తాలు వరుసగా B2, B3, B4లో ఉన్నాయి; గెస్, అంటే లెక్క మొదలుపెట్టే ఊహా రేటు, మార్చి చూడండి:

```
=IRR(B2:B4,0.1)       20%
=IRR(B2:B4,0.9)       80%
=NPV(12%,B3:B4)+B2    -43.37
```

నగదు ప్రవాహాల ప్లస్-మైనస్ గుర్తు రెండుసార్లు మారింది కాబట్టి రెండు ఐఆర్ఆర్‌లకు అవకాశం ఉంది; ఇక్కడ రెండూ వచ్చాయి. (B2ని NPV బ్రాకెట్లలో పెడితే ఈరోజు ఖర్చు కూడా ఏడాది డిస్కౌంట్ అవుతుంది. తరచూ జరిగే పొరపాటే.)

ఎన్‌పీవీ 10% దగ్గర −57.85, 20% దగ్గర సున్నా, 40% దగ్గర +40.82, 80% దగ్గర మళ్లీ సున్నా. రేటు పెరిగితే విలువ పెరగడమేమిటి? చివరి 2160 భారం డిస్కౌంట్‌లో కుంచించుకుపోతుంది, అంతే. అసలు డిస్కౌంటే లేకుండా కూడితే −160. మొదటి ఏడాది డబ్బు సగానికి పైగా అప్పులాంటిదే. అందుకే 'ఐఆర్ఆర్ ఎక్కువైతే మంచిది' అన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది.

ఒకే శాతం కావాలని బోర్డు పట్టుబడితే, ఖర్చులకూ రాబడి తిరిగి పెట్టుబడికీ 12% రేటే తీసుకుంటే సవరించిన ఐఆర్ఆర్, అంటే ఎంఐఆర్ఆర్, 11.1%. అదీ 12 కన్నా తక్కువే.

నిర్ణయం: తిరస్కరణ. పూడ్చే ఖర్చు సుమారు 2105కు తగ్గితేనే మళ్లీ పరిశీలన.