మారతహళ్ళి ఫ్లాట్ అడ్వాన్సుపై వాట్సాప్ సంభాషణ: రెండు స్క్రీన్‌షాట్ల నుంచి ఎత్తిరాసిన పాఠం

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారికి,

మీరు అడిగినట్లు, నాకూ మా ఇంటి ఓనర్ గారికీ మధ్య అడ్వాన్సు గురించి జరిగిన సంభాషణను ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో వరుసగా కనిపించేలా రాసి ఇస్తున్నాను. చాట్‌ను నేరుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఉంటే ఈ శ్రమ ఉండేది కాదు. కానీ ఆ ఫోన్ మార్చి 8న నీళ్ళలో పడి పాడైపోయింది, బ్యాకప్ లేదు. అంతకుముందే మా ఆవిడ ఫోన్‌కు పంపి ఉంచిన రెండు స్క్రీన్‌షాట్లు మాత్రం మిగిలాయి.

కుడివైపు ఆకుపచ్చ గడుల్లో ఉన్నవి నా మాటలు, ఎడమవైపు తెల్ల గడుల్లో ఉన్నవి ఓనర్ గారివి. తెరపై పూర్తి తేదీ ఎక్కడా లేదు. `Sunday`, `Yesterday`, `Today` అని మాత్రమే ఉంది. స్క్రీన్‌షాట్ పైఅంచున గడియారం 8:12 చూపిస్తోంది, అవి మా ఆవిడకు చేరినది 2025 మార్చి 5, బుధవారం రాత్రి 8:13కు. కాబట్టి ఆ మూడు మాటలనూ వరుసగా మార్చి 2, 4, 5గా లెక్కగట్టాను. ఇద్దరమూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేశాము. దాన్ని తెలుగు లిపిలోకి మార్చాను తప్ప మాట మార్చలేదు, ఒక్కచోట మాత్రం ఉన్నది ఉన్నట్లే ఉంచాను.

2025 మార్చి 2, ఆదివారం

ఉదయం 10:14, ఓనర్: బాబూ, పెయింటర్ చూసి వెళ్ళాడు. అగ్రిమెంట్ ప్రకారం పెయింటింగ్‌కు ఒక నెల అద్దె పట్టుకుంటాను.

ఉదయం 10:31, నేను: సరే అంకుల్. అడ్వాన్సు 2,40,000లో 24,000 పోగా 2,16,000 వేయండి.

ఉదయం 10:31, నేను: [ఫొటో: కరెంటు మీటరు. చిత్రం చిన్నది కావడంతో రీడింగ్ కనిపించడం లేదు.]

సాయంత్రం 6:47, ఓనర్: [వాయిస్ మెసేజ్, 0:38. ఏమన్నారో నాకు గుర్తున్నా, చిత్రంలో లేనిది ఇక్కడ రాయడం లేదు.]

మార్చి 4, మంగళవారం

ఉదయం 11:05, ఓనర్: 1,90,000 వేశాను, చూసుకో.

ఉదయం 11:20, నేను: వచ్చాయి అంకుల్. ఇంకా 26,000 రావాలి కదా? ఖాళీ చేసిన రోజు మీరే ఇల్లంతా చూసి తాళాలు తీసుకున్నారు, అప్పుడు ఏమీ చెప్పలేదు.

[ఈ మెసేజ్ మొదటి చిత్రం అడుగున సగానికి తెగింది, టైము గడి చివర ఉంటుంది కనుక అందులో కనిపించదు. రెండో చిత్రం పైభాగంలో మొత్తం ఉంది. అక్కడి టైము తీసుకుని ఒక్కసారే రాశాను.]

ఉదయం 11:26, ఓనర్: [డిలీట్ చేసిన మెసేజ్.]

ఉదయం 11:32, ఓనర్: చిమ్నీకి, సింకు కింద పైపుకు కలిపి 11,500 అయింది. మిగతా 14,500 ఇస్తాను. [టైము పక్కన `Edited` అని ఉంది. మార్పుకు ముందు ఏముందో చిత్రం చెప్పదు. టైము మాత్రం మొదట పంపినప్పటిదే.]

ఉదయం 11:40, నేను: ఆ బిల్లులు ఒకసారి పంపండి అంకుల్.

మార్చి 5, బుధవారం

ఉదయం 9:02, నేను: అంకుల్, బిల్లులు రాలేదు. 14,500 సంగతి కూడా చూడండి.

రాత్రి 7:55, ఓనర్:

```
14500 pampanu babu
```

రాత్రి 7:56, నేను: ఖాతాలోకి రాలేదు అంకుల్. [రెండు టిక్కులు బూడిద రంగులో ఉన్నాయి, అంటే ఆయన ఫోన్‌కు చేరింది, చదివినట్లు గుర్తు లేదు.]

7:55 నాటి మాటను తెలుగు లిపిలోకి మార్చకపోవడానికి కారణం ఉంది. దాన్ని "పంపాను" అనీ చదవవచ్చు, "పంపను" అనీ చదవవచ్చు. ఒక్క దీర్ఘంతో డబ్బు ఇచ్చినట్లూ అవుతుంది, ఇవ్వననడమూ అవుతుంది. నేను ఆరోజు మొదటి అర్థంలోనే తీసుకున్నానని నా జవాబు చూస్తే తెలుస్తుంది, కానీ అది నా అర్థం, ఆయన అక్షరం కాదు. మార్చి 5 నుంచి 12 వరకు నా బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను. అందులో 14,500 జమ కాలేదు. ఈ చాట్ ఓనర్ గారి ఫోన్‌లోనూ ఉంటుంది కనుక, ఆయన ఎదుటే సరిపోల్చి, ఆ మాటను ఆయన చేతనే చదివించండి.

ఫ్లాట్ పాత అద్దెదారు
బెంగళూరు, 2025 మార్చి 13