రుద్దు రుద్దు ఉయ్యాలో: అంగన్‌వాడీ పిల్లల ఆటపాటలు

ముషీరాబాద్ వైపు మా బస్తీ సెంటర్‌లో మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలతో పాడుకునే పాటలివి. పక్క సెంటర్ల టీచర్లు, ఆయమ్మలు, పిల్లల అమ్మలు అడిగారని అన్నీ ఒకచోట రాసి ఇస్తున్నాను. కుండలీకరణాల్లో ఉన్నవి పాడకూడదు, చేసి చూపించాలి. రాగం తెలియకపోయినా ఫరవాలేదు. చప్పట్ల దరువు తప్పకుంటే చాలు.

1. చేతులు కడిగే పాట

ఇది బతుకమ్మ దరువు. పెద్దవాళ్లు ఒక మాట అంటే పిల్లలు "ఉయ్యాలో" అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలు కూడా మొదటి రోజే గొంతు కలుపుతారు, ఎందుకంటే వాళ్లకు కావలసింది ఆ ఒక్క మాటే.

బువ్వకు వేళాయె ఉయ్యాలో
బుజ్జులు లేవండి ఉయ్యాలో
నల్లా దగ్గరికి ఉయ్యాలో
నడిచీ పోదాము ఉయ్యాలో
(ముందున్న వాళ్ల భుజం మీద చేతులేసి రైలులా నడవాలి. తోసుకుంటే పాట మళ్లీ మొదటికి!)

చేతులు తడిపాము ఉయ్యాలో
నల్లా బంద్ చేశాం ఉయ్యాలో
సబ్బు పట్టినాము ఉయ్యాలో
నురగ తీసినాము ఉయ్యాలో
("బంద్" అన్నప్పుడు గాలిలో నల్లా తిప్పాలి)

అరచెయ్యి అరచెయ్యి ఉయ్యాలో
రుద్దు రుద్దు రుద్దు ఉయ్యాలో
చెయ్యెనక చెయ్యెనక ఉయ్యాలో
రుద్దు రుద్దు రుద్దు ఉయ్యాలో
(ఒక చేతి వెనక రెండో చెయ్యి. తర్వాత చేతులు మార్చాలి)

వేళ్ల సందుల్లోన ఉయ్యాలో
రుద్దు రుద్దు రుద్దు ఉయ్యాలో
బొటనవేలు పట్టి ఉయ్యాలో
గిర్రు గిర్రు గిర్రు ఉయ్యాలో
(బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని తిప్పాలి. రెండు బొటనవేళ్లూ)

గోళ్ల కింద మురికి ఉయ్యాలో
గీరు గీరు గీరు ఉయ్యాలో
మణికట్టు చుట్టూర ఉయ్యాలో
గాజులా తిప్పాలి ఉయ్యాలో
(వేళ్ల కొనలు అరచేతిలో పెట్టి గీరాలి, తర్వాత మణికట్టు)

నల్లా తిప్పుదాము ఉయ్యాలో
నీళ్లు జారినాయి ఉయ్యాలో
నురగ పోయినాది ఉయ్యాలో
మురికి పోయినాది ఉయ్యాలో

దులుపు దులుపు దులుపు ఉయ్యాలో
ఆరిపోయె చేయి ఉయ్యాలో
ఎత్తి చూపుదాము ఉయ్యాలో
మెరిసిపోయె చేయి ఉయ్యాలో
(చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాలి. గౌనుకు, చొక్కాకు తుడవనివ్వొద్దు)

"అరచెయ్యి" నుంచి "గాజులా తిప్పాలి" దాకా 12 చరణాలున్నాయి. తొందరపడకుండా పాడితే 20 సెకన్లు దాటుతుంది. సబ్బుతో రుద్దడానికి కనీసం అంత సమయం కావాలి, అందుకే ఆ భాగాన్ని నిడివిగా ఉంచాను. పిల్లలు ఆకలి మీద ఉన్నారని అక్కడ ఒక్క చరణం కూడా తగ్గించకండి. తగ్గించాలనుకుంటే రైలు నడక తగ్గించుకోండి. బొటనవేలు, గోళ్ల చరణాలు మాత్రం అసలు వదలొద్దు, పిల్లలైనా పెద్దలైనా ఎక్కువగా మరిచిపోయేది ఆ రెండే.

రుద్దుతున్నంతసేపూ నల్లా మూసే ఉండాలి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో ఇది చిన్న మాట కాదు. నీళ్లు రాని రోజు ఆయమ్మ చెంబుతో పోస్తుంది కదా, అప్పుడు "నల్లా తిప్పుదాము" బదులు "చెంబు వంచినాము" అనండి. గిన్నెలో నిలవ ఉన్న నీళ్లలో పిల్లలందరి చేతులూ ముంచకండి. పై నుంచి పారే నీళ్లే కావాలి.

బాత్రూం నుంచి వచ్చినప్పుడు మొదటి నాలుగు చరణాల చోట ఇవి పాడండి:

దొడ్డికి పోయొచ్చి ఉయ్యాలో
నీళ్లు పోసి వచ్చి ఉయ్యాలో
చెప్పులు విడిచేసి ఉయ్యాలో
సబ్బు ఏది అంటూ ఉయ్యాలో

అక్టోబర్ 15 ప్రపంచ చేతుల శుభ్రత దినం. ఆ రోజు అమ్మల్ని కూడా పిలిచి, గుండ్రంగా నిలబెట్టి ఈ పాట పాడించండి. దరువు వాళ్లకు మనం నేర్పక్కర్లేదు.

2. ఏమొకటి? ఏవి రెండు?

సగం మంది అడగాలి, సగం మంది చెప్పాలి. ప్రతిసారీ వేళ్లు చూపించాలి.

ఒకటీ ఒకటీ ఏమొకటి?
సాగర్ నడుమ బుద్ధుడొకటి!
(కుడిచెయ్యి ఎత్తి, కదలకుండా, నవ్వకుండా నిలబడాలి)

రెండూ రెండూ ఏవి రెండు?
జంటగ ఉన్న ఊళ్లు రెండు!
హైదరాబాద్, సికింద్రాబాద్!
(పక్క పిల్లల చెయ్యి పట్టుకోవాలి)

మూడూ మూడూ ఏవి మూడు?
ఆటో బండికి చక్రాలు మూడు!
(హ్యాండిల్ పట్టుకుని "బుర్ బుర్ బుర్")

నాలుగు నాలుగు ఏవి నాలుగు?
చార్మినార్‌కు మీనార్లు నాలుగు!
(నలుగురు పిల్లలు నాలుగు మూలల్లో చేతులెత్తి నిలబడాలి. మిగతా వాళ్లు మధ్యలోంచి దూరి పోవాలి)

ఐదూ ఐదూ ఏవి ఐదు?
చిట్టి చేతికి వేళ్లు ఐదు!

ఆరూ ఆరూ ఏవి ఆరు?
చక్కెర మోసే చీమకు కాళ్లారు!
(వేళ్లతో చేతి మీద చీమ నడక)

ఏడూ ఏడూ ఏవి ఏడు?
వాన సింగిడికి రంగులు ఏడు!
(చేతులు కలిపి ఆకాశంలో వంపు గియ్యాలి)

ఎనిమిది ఎనిమిది ఏవి ఎనిమిది?
సాలెపురుగుకు కాళ్లు ఎనిమిది!

తొమ్మిది తొమ్మిది ఏవి తొమ్మిది?
బతుకమ్మ ఆడే రోజులు తొమ్మిది!
(వంగి తొమ్మిది చప్పట్లు కొడుతూ ఒక్క చుట్టు తిరగాలి)

పదీ పదీ ఏవి పది?
కడిగిన చేతుల వేళ్లు పది!
ఒక్క వేలు మురికున్నా
మళ్లీ లెక్క మొదటికి!
(పది వేళ్లూ టీచర్‌కు చూపించాలి)

మూడేళ్ల పిల్లలకు ఐదు దాకా చాలు. నోటితో పది దాకా చెప్పేసే పిల్లలు ఎందరో ఉంటారు, నాలుగు చింతగింజలు తీసి ఇవ్వమంటే గుప్పెడు తీస్తారు. అందుకే ఈ పాటలో ప్రతి అంకెకూ ఒక ఒళ్లు కదలిక పెట్టాను. ముఖ్యంగా మీనార్ల దగ్గర ఆగండి. ముగ్గుర్నే నిలబెట్టి "సరిపోయిందా?" అని అడగండి. "ఇంకొకరు కావాలి" అని పిల్లలే అరవాలి, మీరు చెప్పొద్దు. ఉర్దూ ఇళ్ల పిల్లలు ఏక్, దో, తీన్ అంటే అననివ్వండి, వేళ్లు సరిగ్గా లేస్తే లెక్క వచ్చినట్టే.

3. పోం పోం సిటీ బస్సు

పైన వస్తువుల లెక్క అయింది, ఇది మనుషుల లెక్క. ఐదుగురు పిల్లలు వరుసగా కూర్చోవాలి, ముందు ఒక డ్రైవర్. దిగిన పిల్లలు పక్కకెళ్లి చప్పట్లు కొట్టాలి.

సికింద్రాబాద్ స్టేషన్ కాడ
బస్సెక్కిండ్రు ఐదుగురు!
పోం పోం పోం బస్సు కదిలె
గాలి వచ్చె జుట్టు ఎగిరె!

ప్యారడైజ్ కాడ ఒకరు దిగిండ్రు
టాటా టాటా! ఎందరున్నరు?
నలుగురు నలుగురు నలుగురు!
పోం పోం పోం బస్సు కదిలె
గాలి వచ్చె జుట్టు ఎగిరె!

రాణిగంజ్ కాడ ఒకరు దిగిండ్రు
టాటా టాటా! ఎందరున్నరు?
ముగ్గురు ముగ్గురు ముగ్గురు!
పోం పోం పోం బస్సు కదిలె
గాలి వచ్చె జుట్టు ఎగిరె!

ట్యాంక్‌బండ్ కాడ ఒకరు దిగిండ్రు
టాటా టాటా! ఎందరున్నరు?
ఇద్దరు ఇద్దరు ఇద్దరు!
పోం పోం పోం బస్సు కదిలె
గాలి వచ్చె జుట్టు ఎగిరె!

నాంపల్లి కాడ ఒకరు దిగిండ్రు
టాటా టాటా! ఎందరున్నరు?
ఒక్కరు ఒక్కరు ఒక్కరు!
పోం పోం పోం బస్సు కదిలె
గాలి వచ్చె జుట్టు ఎగిరె!

చార్మినార్ కాడ ఒకరు దిగిండ్రు
టాటా టాటా! ఎందరున్నరు?
ఎవ్వరు లేరు! ఎవ్వరు లేరు!
డ్రైవరన్నా, నువ్వొక్కడివే!

(డ్రైవర్ వెనక్కి తిరిగి "రండి రండి" అని పిలిస్తే ఒక్కొక్కరే ఎక్కుతారు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు అని అందరూ పైకి లెక్కపెట్టాలి)

బస్సు కడ్డీ పట్టినాము
టికెట్ పైసలు ముట్టినాము
ఇంటికి పోగానె ముందు ఏంది?
చేతులు చేతులు కడిగేది!

4. తుమ్మొస్తోంది

హా... హా... తుమ్మొస్తోంది
చెయ్యి అడ్డం పెట్టొద్దు
మోచెయ్యి మడిచి మూతి దాచు
హా... హా... హాఛ్!
(మోచేతి మడతలోకి తుమ్మాలి. అందరూ కలిసి)

ముక్కు కారితే ఏం చేద్దాం?
చొక్కా కొసతో తుడవద్దు
గుడ్డ తీసి తుడుచుకుందాం
చేతులు మళ్లీ కడుగుదాం!

5. గోళ్ల పాట

దీన్ని అమ్మ గాని నాయనమ్మ గాని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని పాడాలి. గోరు తీస్తుంటే చెయ్యి లాక్కునే పిల్లలు కూడా తమ వేలి వంతు కోసం చూస్తారు. తొందర లేకుండా, మెల్లగా.

చిటికెన వేలా, దా దా దా
ఒకటీ! టిక్!
ఉంగరం వేలా, దా దా దా
రెండూ! టిక్!
నడిమి వేలా, పొడుగోడా
మూడూ! టిక్!
చూపుడు వేలా, చూడు ఇటు
నాలుగు! టిక్!
బొటనవేలా, బొద్దోడా
ఐదూ! టిక్!
ఐదుగురన్నల గోళ్లు పోయె
మురికి దాగే ఇల్లు పోయె
రెండో చెయ్యి ఏదమ్మా?
చిటికెన వేలా, దా దా దా
ఆరూ! టిక్!
(ఇలాగే పది దాకా)

6. పళ్లు తోమే పాట

పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. పేస్ట్ మూడేళ్లు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత, అంతకన్నా చిన్నవాళ్లకు బియ్యపు గింజంత చాలు. సెంటర్‌లో బ్రష్ లేకుండా చూపుడు వేలితో అభినయం చేయించండి, ఇంట్లో మాత్రం పెద్దవాళ్ల చెయ్యి తోడుండాలి.

పై పళ్లన్నీ పైనుండి కిందికి
ఒకటి రెండు మూడు నాలుగు ఐదు
కింది పళ్లన్నీ కిందనుండి పైకి
ఆరు ఏడు ఎనిమిది తొమ్మిది పది

నమిలే పళ్లు ముందుకు వెనక్కి
ఒకటి రెండు మూడు నాలుగు ఐదు
దాగిన పళ్లు లోపల లోపల
ఆరు ఏడు ఎనిమిది తొమ్మిది పది

నాలుక చాపు, ఆఆఆఆ!
మెల్లగ గీకు, ఆఆఆఆ!
నీళ్లు పొయ్యి, బుగ్గలు నింపు
గుడగుడ గుడగుడ గుడగుడ... తుఫ్!
(బుగ్గలు పూరించి తల అటూ ఇటూ ఊపాలి. "తుఫ్" అందరూ ఒక్కసారే)

పై పళ్లేవి? ఇవిగో!
కింది పళ్లేవి? ఇవిగో!
అన్నీ ఏవి? ఈఈఈఈ!