ప్రోగ్రెస్ కార్డుతో జత చేసిన రిమార్కు: ప్రసన్న, 5వ తరగతి

మున్సిపల్ ప్రాథమిక పాఠశాల, గుంటూరు
జూన్ నుంచి నవంబరు వరకు (సమ్మేటివ్-1 కలిపి)
పని దినాలు 118, వచ్చినవి 71, రానివి 47, హాజరు 60 శాతం

ప్రసన్న వాళ్ల అమ్మగారికి, నాన్నగారికి,

కార్డులో రిమార్కుల గడిలో రెండు లైన్లకు మించి పట్టవు. అందులో "బడికి క్రమం తప్పకుండా పంపగలరు" అని రాసి సంతకం పెట్టొచ్చు గానీ, దానివల్ల పాప చదువు ఎక్కడుందో మీకు ఏమీ తెలియదు. అందుకే విడిగా రాస్తున్నాను. ఈ కాగితం ప్రసన్న చేతే చదివించుకోండి. బాగానే చదువుతుంది. తను వినకూడని మాట ఇందులో ఒక్కటీ లేదు.

రాని రోజులు నెలవారీగా ఇవి: జూన్‌లో 3, జూలైలో 8, ఆగస్టులో 15, సెప్టెంబరులో 6, అక్టోబరులో 5, నవంబరులో 10. ఆగస్టులో 11 రోజులు జ్వరమొచ్చి పెద్దాసుపత్రిలో చేర్చినప్పటివీ, ఇంటికొచ్చాక నీరసంగా ఉన్నప్పటివీ. వాటికి ఎవరూ ఏమీ చేయలేరు. మిగతావి చాలావరకు మీరు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లిన రోజులు, చిన్నవాడిని చూసుకోవడానికి ప్రసన్న ఇంట్లో ఉండిపోయిన రోజులు. ఆ మాట మీరే నాతో చెప్పారు, దాచలేదు. పని దొరికిన రోజున వెళ్లకపోతే కుదరదని నాకు తెలుసు. కాబట్టి ఎందుకు పంపలేదని నిలదీయడానికి ఇది రాయడం లేదు.

ఇక మార్కులు. ఇవి చూసి పిల్లకు చదువు ఎక్కడం లేదని మాత్రం అనుకోవద్దు. హాజరు పట్టీ, నా పాఠాల డైరీ పక్కపక్కన పెట్టుకుని, తన పరీక్ష పేపర్లు మళ్లీ చూశాను. తను బడిలో ఉన్నప్పుడు చెప్పిన పాఠాల నుంచి వచ్చిన ప్రశ్నలకు చాలావరకు సరిగ్గానే రాసింది. లేనప్పుడు చెప్పినవి ఖాళీగా వదిలేసింది, లేదా ఊహించి రాసింది. అంటే అన్నీ రాకపోవడం కాదు. మధ్యమధ్యలో కొన్ని పాఠాలు పోయాయి. ఇంగ్లీషు ఒక్కటే దీనికి మినహాయింపు, దాని సంగతి కింద రాస్తాను.

లెక్కలు: కూడికలు, తీసివేతలు, గుణకారాలు తప్పుల్లేకుండా చేస్తోంది. ఎక్కాలు పది దాకా గడగడా చెప్తుంది, 12 దాకా రావాలి. చిక్కంతా భాగహారం దగ్గరుంది. పేపర్లో 432ను 4తో భాగించమంటే 18 అని రాసింది. పద్ధతి మొత్తం సరైనదే. 3లో 4 పోదు కాబట్టి అక్కడ సున్నా పెట్టి ముందుకెళ్లాలి, 108 రావాలి. ఆ సున్నా పెట్టడం చెప్పిన వారంలో తను బడిలో లేదు. నోట్సు చూస్తే ఇదే తప్పు వరుసగా అన్ని లెక్కల్లోనూ ఉంది. ఒకే తప్పు మాటిమాటికీ పడిందంటే ఒక్కసారి దిద్దితే పోతుంది, అది నయం.

భిన్నాలు దీనికంటే పెద్ద పని. 1/2, 1/4 కలపమంటే 2/6 అని రాసింది, పైవీ కిందవీ విడివిడిగా కూడేసి. పరీక్ష అయ్యాక పిలిచి, "అర కిలో పంచదార, ఇంకో పావు కిలో తెచ్చావు, మొత్తం ఎంత?" అని అడిగాను. నా మాట పూర్తికాకముందే "ముప్పావు కిలో టీచర్" అంది. మరి ఈ కాగితం మీద ఎందుకలా రాశావంటే, "అది వేరే లెక్క కదా" అంది! కొట్టుకు వెళ్లి సరుకులు తెచ్చే పిల్ల కాబట్టి భిన్నాలు తనకు నోట్లో ఉన్నాయి. కాగితం మీద రాసేది కూడా అదేనని ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి. ఆ పాఠాలన్నీ ఆగస్టులోనే అయిపోయాయి.

మన లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది కదా. మాటల్లో ఇచ్చిన లెక్క తెలుగు పేజీలో చదివితే చేసేస్తోంది. ఇంగ్లీషు పేజీలో ఉన్నది అదే లెక్కైనా ఆగిపోతోంది. కాబట్టి లెక్కల్లో పోయిన మార్కులు కొన్ని అసలు లెక్కలవి కావు.

తెలుగు: చదవడంలో తరగతిలో ముందు వరుసలో ఉంటుంది. కథ చదివితే గొంతు మార్చి, ఎవరి మాట వాళ్లు మాట్లాడినట్టే చదువుతుంది. సొంతంగా రాయమంటే ఒత్తులు పోతున్నాయి. "అమ్మమ్మ" అనే మాటనే రెండు లైన్ల తేడాలో రెండు రకాలుగా రాసింది. రాతపని చేసే రోజులు తక్కువైనందువల్ల వచ్చిందే ఇది. రాస్తూ ఉంటే సర్దుకుంటుంది, దీనికి టెన్షన్ అక్కర్లేదు.

పరిసరాల విజ్ఞానం: పంటల పాఠం రోజు తనే రెండు రకాల ఎండుమిరపకాయలు తెచ్చింది. సన్నగా ఉండి ఘాటెక్కువ ఉండేది తేజ అనీ, ముడతలు పడి రంగెక్కువ, కారం తక్కువ ఉండేది బాడిగ అనీ, తెల్లబారినవి తాలు కాయలనీ, వాటిని వేరు చేయకపోతే రేటు పడిపోతుందనీ పిల్లలందరికీ చెప్పింది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో పుట్టినా ఆ తేడా తెలియని పిల్లలు మా తరగతిలో చాలామంది, నేనూ ఆ పాఠంలో అంత చెప్పేదాన్ని కాదు. మౌఖికంలో తనకు పూర్తి మార్కులు అందుకే వేశాను. రాతలో నీటి పాఠం, ఆరోగ్యం పాఠం పోయాయి. ఆ రెండూ చదువుకుంటే వచ్చేవే.

ఇంగ్లీషు: ఇది ఉన్నదున్నట్టు చెప్పాలి. బడికి వచ్చిన రోజుల్లో కూడా వెనకబడే ఉంది. చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదువుతుంది, పేరా చదివి జవాబు రాయడం ఇంకా రాలేదు. నాలుగో తరగతి నుంచే ఉన్న లోటిది. హాజరు ఒక్కటే బాగుపడితే ఇది దానంతటదే పోదు, విడిగా పని చేయాలి. నేను చేయిస్తాను.

నడవడి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం గమనించాను. నాలుగైదు రోజులు మానేసి వచ్చినప్పుడు వెనక బెంచీలో కూర్చుంటుంది, ఆ రోజంతా చెయ్యి ఎత్తదు. మర్నాటికి మళ్లీ మామూలే. ఏం జరిగిందో అందరి ముందూ అడగొద్దని మిగతా టీచర్లకు చెప్పాను. ఇంట్లోనూ మార్కుల గురించి తమ్ముడి ముందు, చుట్టాల ముందు అనకండి.

ఇప్పుడు పోయినవి పూరించడం. దానికి అన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టను. సంక్రాంతి సెలవుల లోపు రెండే పనులు: సున్నా వచ్చే భాగహారం, ఇంగ్లీషు చదవడం. సోమ, బుధ, శుక్రవారాల్లో బడి గంటకు అరగంట ముందు నేను ఉంటాను, ఇంకో ముగ్గురు పిల్లలు కూడా వస్తున్నారు. ప్రసన్నను ఆ మూడు రోజులూ ముందుగా పంపండి. సెలవుల తర్వాత భిన్నాలు పట్టుకుంటాను.

పోయిన పాఠాల నోట్సంతా స్నేహితుల పుస్తకాల్లోంచి ఎక్కించమని మాత్రం కూర్చోబెట్టకండి. దసరా సెలవుల్లో తను అలా చాలా పేజీలు ఎక్కించింది, చేతులు నొప్పి పుట్టడమే తప్ప లెక్క ఒక్కటీ రాలేదు. దాని బదులు రోజూ ఒక ఇరవై నిమిషాలు చాలు. నేనిచ్చే నాలుగు భాగహారాలు చేసి, ఒక పేజీ పైకి చదవాలి. చిన్నవాడిని పక్కన కూర్చోబెట్టుకుని వాడికి కథలా చదివి వినిపించినా సరిపోతుంది. మీకు చదువు రాదని వెనకాడొద్దు, చదివినంతసేపూ వింటున్నట్టు కూర్చుంటే చాలు.

అసలు అడ్డంకి చిన్నవాడు. వాడికి మూడేళ్లు నిండాయన్నారు కాబట్టి మీ వీధి అంగన్‌వాడీలో చేర్చుకుంటారు. అక్కడి టీచరుతో నేను మాట్లాడతాను, మీరు ఆధార్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్ తీసుకుని ఒకసారి వెళ్లండి. ప్రసన్న బడికి వచ్చేటప్పుడు వాడిని అక్కడ దింపి రావచ్చు, దారిలోనే ఉంది. వాడు అలవాటు పడేదాకా మొదటి వారం ఏడుస్తాడు, ఆ వారం మాత్రం ఓర్చుకోండి.

అయినా ఏదో ఒక రోజు తప్పనిసరై ఆపాల్సి వస్తే, రోజంతా ఆపకండి. లెక్కలు, ఇంగ్లీషు రెండూ పొద్దుటి పూటే చెప్తాను. మధ్యాహ్నం భోజనం దాకా ఉండి వెళ్లినా నాకు అభ్యంతరం లేదు. అసలు రాలేని రోజున ఫోన్ చేస్తే చాలు, ఆ రోజు చేసిన లెక్క ఫొటో తీసి నాన్నగారి ఫోన్‌కి వాట్సాప్‌లో పెడతాను.

నాకు భయమున్నది ఫిబ్రవరి, మార్చి నెలల గురించి. కొత్త కాయ యార్డుకు దిగే రోజులు, నాన్నగారికి బస్తాల పని, అమ్మగారికి తొడిమల పని ఊపిరి సలపనంతగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ప్రసన్నకు భిన్నాలు మళ్లీ చెప్పేది, తరగతిలో దశాంశాలు, కొలతలు చెప్పేది. నవంబరులోలా పది రోజులు పోతే నేను పొద్దున్నే ఎంత కూర్చున్నా అందుకోవడం కష్టం. జూన్‌లో ప్రసన్న హైస్కూల్లో ఆరో తరగతికి వెళ్తుంది. అక్కడ సబ్జెక్టుకో టీచరు, ఎవరికీ ఈ పిల్ల ఏ వారంలో రాలేదో తెలియదు. భాగహారం, భిన్నాలు ఇక్కడే గట్టిపడాలి.

ఏప్రిల్ దాకా ఇంకా 106 పని దినాలు ఉంటాయని లెక్క. అందులో 97 రోజులు వస్తే ఏడాది మొత్తం మీద హాజరు 75 శాతం అవుతుంది. అంటే ఇక నుంచి తొమ్మిది రోజులకు మించి మానకూడదు. తల్లికి వందనం డబ్బులకు కూడా ఆ 75 శాతమే చూస్తారు కాబట్టి చెప్తున్నాను. ఆగస్టు ఆసుపత్రి కాగితాలు మీ దగ్గరుంటే జెరాక్స్ తీయించి పంపండి, హెడ్‌మాస్టరు గారికి చూపించి రిజిస్టరులో జ్వరమని రాయిస్తాను. దానితో హాజరు పెరగదు, కారణం మాత్రం నమోదవుతుంది.

కార్డు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేసి శనివారం లోపు పంపండి. కుదిరితే మీలో ఒకరు రండి, షెడ్డు నుంచి వచ్చేసరికి సాయంత్రమైతే ఐదున్నర దాకా ఉంటాను. సంక్రాంతి సెలవులు అయిన వారం ప్రసన్నకు ఇవే భాగహారాలు, ఇదే ఇంగ్లీషు పేరా మళ్లీ ఇస్తాను. ఏం మారిందో ఈ కాగితం వెనక రాసి పంపుతాను, కాబట్టి దీన్ని పారేయకుండా కార్డులోనే ఉంచండి.

ఇట్లు,
తరగతి ఉపాధ్యాయురాలు, 5వ తరగతి