ఐ.ఏ. నెం. 412/2025లో మధ్యంతర నిషేధ ఉత్తర్వు: సారాంశం

(ఓ.ఎస్. నెం. 187/2025, సివిల్ కోర్టు, గుంటూరు. ఉత్తర్వు తేది 16-06-2025. తదుపరి వాయిదా 14-07-2025.)

వాదిగారికి,

ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ నిన్న చేతికి వచ్చింది. మీరు విజయవాడలో ఉంటున్నందున, పొలం చూసుకునే మీ కౌలుదారుకు కూడా చదివి వినిపించేందుకు వీలుగా దాని సారాంశాన్ని తెలుగులో రాసి పంపుతున్నాను. మీకు ఫోనులో చెప్పిన “స్టే వచ్చింది” అన్న మాట పూర్తిగా సరైనది కాదు. మనం అడిగినవాటిలో కొంత భాగాన్ని మాత్రమే, అదీ కొందరిపైన మాత్రమే, కోర్టు మంజూరు చేసింది.

పిటిషన్ షెడ్యూలులో రెండు అంశాలున్నాయి. మొదటిది గుంటూరు శివారులో మీరు రిజిస్టర్డ్ క్రయ దస్తావేజు ద్వారా కొన్న 1 ఎకరం 42 సెంట్ల మెట్ట భూమి. ఈ భూమిలో మీ ప్రశాంత స్వాధీన అనుభవానికి 1, 2, 3 ప్రతివాదులు గాని, వారి తరఫు మనుషులు, పనివారు, ఏజెంట్లు గాని ఏ విధంగానూ ఆటంకం కలిగించరాదని కోర్టు నిషేధించింది. అంటే హద్దు రాళ్ళు పీకడం, గట్టు చెరపడం, భూమిలోకి యంత్రాలు దింపడం, కౌలుదారును పనిచేయనీయకపోవడం వంటివన్నీ ఈ నిషేధం కిందికి వస్తాయి. 1వ ప్రతివాది పక్క పొలం రైతు, 2వ ప్రతివాది ఆయన కుమారుడు, 3వ ప్రతివాది ఆ పక్క పొలాన్ని ప్లాట్లు వేస్తున్న వ్యక్తి.

రెండవ అంశం 1వ ప్రతివాది పొలం పడమటి అంచున ఉన్న 12 అడుగుల బండి బాట. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఈ బాట విషయంలో కోర్టు నిషేధ ఉత్తర్వు ఇవ్వలేదు, వాయిదా వరకు ఉభయ పక్షాలూ యథాతథ స్థితిని పాటించాలని మాత్రమే చెప్పింది. ఉభయ పక్షాలన్న మాటలో మీరూ ఉన్నారు. ఇప్పటి వరకు నడిచినట్టే బండి, ట్రాక్టరు నడుపుకోవచ్చు గాని, వర్షాలు పడుతున్నాయని బాటపై గ్రావెల్ తోలించడం, పక్కన కాలువ తవ్వించడం చేస్తే ఉత్తర్వును మీరిన వారు మీరే అవుతారు. అదే విధంగా వారు కంచె వేసినా, బాటను దున్నినా తప్పు వారిదవుతుంది. బాట ప్రస్తుత స్థితి తెలిసేలా తేదీ పడిన ఫొటోలు తీయించి ఉంచండి.

4వ ప్రతివాది అయిన తహసీల్దారుపై ఎలాంటి నిషేధమూ లేదు, నోటీసు మాత్రమే వెళ్ళింది. కాబట్టి కార్యాలయ సిబ్బంది సర్వేకు వస్తే ఈ కాపీ చూపించి ఆపమనడం కుదరదు. పక్క పొలాన్ని ఎవరికీ అమ్మకుండా ఆపమని వేసిన రెండో పిటిషన్‌లోనూ నోటీసే ఇచ్చారు. 3వ ప్రతివాది తన ప్లాట్లు అమ్ముకుంటే, అది మనకు ఎంత కష్టం కలిగించినా, ఈ ఉత్తర్వును ఉల్లంఘించినట్టు కాదు.

ఈ ఉత్తర్వు 14-07-2025 వరకే అమల్లో ఉంటుంది, దావా తేలేవరకు కాదు. అవతలివారి వాదన వినకుండా, దస్తావేజు, పాసు పుస్తకం, అడంగల్ చూసి ప్రాథమికంగా మీ స్వాధీనం కనిపిస్తోందని ఇచ్చినది కనుక, దీనితో భూమిపై హక్కు తేలినట్టు భావించరాదు. ఇలా ఏకపక్షంగా ఇచ్చినప్పుడు 30 రోజుల్లో పిటిషన్‌ను పరిష్కరించేందుకు కోర్టు ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 3ఎ నియమం చెబుతుంది. ఈలోగా వారు హాజరై, ఉత్తర్వును రద్దు చేయాలని లేదా మార్చాలని 4వ నియమం కింద అడగవచ్చు. వాయిదా నాడు పొడిగింపు రాకపోతే మరుసటి రోజు నుంచి రక్షణ ఉండదు.

3వ నియమం ప్రకారం దావా, అఫిడవిట్, దస్తావేజుల నకళ్ళను నలుగురు ప్రతివాదులకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ మేరకు అఫిడవిట్‌ను 17-06-2025న దాఖలు చేశాము. ఈ పని ఆలస్యమైతే ఉత్తర్వు రద్దుకు అవతలివారికి అదే కారణంగా దొరుకుతుంది. పోస్టు రసీదులు ఫైలులో ఉన్నాయి.

ఉత్తర్వు సంగతి తెలిసి కూడా 1 నుంచి 3 ప్రతివాదులలో ఎవరైనా దాన్ని మీరితే, 2ఎ నియమం కింద వారి ఆస్తి జప్తుకు, 3 నెలలకు మించని సివిల్ జైలుకు కోర్టు ఆదేశించవచ్చు. అందుకు విడిగా పిటిషన్ వేసి రుజువు చేయాలి. పోలీసుల సాయం కావాలన్నా కోర్టునే అడగాలి, స్టేషనుకు కాపీ ఇచ్చినంత మాత్రాన వారు వచ్చి నిలబడతారని అనుకోవద్దు. కౌలుదారు ఎవరితోనూ గొడవకు దిగకుండా, ఏం జరిగిందో, ఎవరు వచ్చారో, ఏ తేదీన వచ్చారో రాసి వెంటనే నాకు తెలియజేయాలి.

14వ తేదీ సోమవారం ఉదయం 10 గంటలకల్లా అసలు దస్తావేజు, పాసు పుస్తకం తీసుకుని మీరు కోర్టుకు రావాలి. పొడిగింపు కోరే మెమో నేను సిద్ధం చేసి ఉంచుతాను.

ఇట్లు,
వాది తరఫు న్యాయవాది, గుంటూరు