కెటిళ్లు వెనక్కి తీసుకోవడం గురించి: సోమవారం పంపిన మెసేజ్ బదులు ఇది చదవండి

నమస్కారం.

మా 1.5 లీటర్ల ఎలక్ట్రిక్ కెటిల్ కొన్నవాళ్లకి సోమవారం ఒక మెసేజ్ పంపాం. "సాధారణ నాణ్యత తనిఖీలో భాగంగా కొన్ని కెటిళ్లు వెనక్కి తీసుకుంటున్నాం" అని అందులో రాశాం. తనిఖీ జరిగిన మాట నిజమే, కానీ అది ఫిర్యాదులు వచ్చాక చేసిన తనిఖీ. దాన్ని సాధారణం అనకుండా ఉండాల్సింది. "అసలేమైంది?" అని ఫోన్ చేసి అడిగినవాళ్లు చాలామంది. జరిగింది ఇది.

ముందు మీ కెటిల్ సంగతి చూసుకోండి. ప్లగ్ తీసేసి, నీళ్లు పారబోసి, చల్లారాక కెటిల్ తిప్పి చూస్తే అడుగున మూడంకెల బ్యాచ్ నంబర్ ఉంటుంది. అది 417 నుంచి 423 వరకు ఉన్న నంబర్లలో ఏదైనా అయితే కెటిల్ వాడటం ఆపేయండి. వేరే ఏ నంబర్ ఉన్నా ఈ ఇబ్బంది మీ కెటిల్‌కి లేదు, ఎప్పటిలాగే వాడుకోవచ్చు.

నీళ్లు మరిగినప్పుడు కెటిల్ దానంతట అదే ఆగిపోవడానికి కారణం ఆవిరి. లోపలి ఆవిరి హ్యాండిల్ వెనక ఉన్న సన్నని దారిలోంచి వెళ్లి, స్విచ్ దగ్గరున్న చిన్న బిళ్లకు తగులుతుంది. రెండు రకాల లోహాలు అతికించి చేసిన ఆ బిళ్ల వేడికి టక్కున వంగి స్విచ్ ఆపేస్తుంది. ఈ ఏడు బ్యాచ్‌లలో ఆ దారి చుట్టూ వేసే రబ్బరు సీల్ కొన్ని కెటిళ్లలో సరిగ్గా కూర్చోలేదు. ఆవిరి పక్కకి పోతోంది, బిళ్లకు వేడి ఆలస్యంగా తగులుతోంది. దాంతో మరగడం మొదలయ్యాక కూడా కెటిల్ రెండు మూడు నిమిషాలు ఆగకుండా నడుస్తోంది. మ్యాక్స్ గీత దాకా నీళ్లు పోసి ఉంటే అవి మూతి దగ్గర చిందే అవకాశం ఉంది.

ఇలా 14 ఫిర్యాదులు వచ్చాయి. ఒకరికి వేడి నీళ్లు చేతి మీద పడి బొబ్బ లేచింది. వారితో మాట్లాడాం, ఇప్పుడు తగ్గిందని చెప్పారు. షాక్ కొట్టిందని గానీ మంట వచ్చిందని గానీ ఎవరూ చెప్పలేదు. కెటిల్ అడుగున మరో రక్షణ బిళ్ల ఉంటుంది, నీళ్లన్నీ ఇగిరిపోతే అది కరెంట్ ఆపేస్తుంది. తిరిగొచ్చిన 14 కెటిళ్లలోనూ దాన్ని పరీక్షించాం, అన్నిట్లోనూ పనిచేసింది. అయినా అది చివరి అడ్డుకట్ట మాత్రమే. రోజూ దాని మీద ఆధారపడి కెటిల్ వాడమని మిమ్మల్ని అడగలేం, అందుకే వెనక్కి తీసుకుంటున్నాం.

మొదటి ఫిర్యాదు వచ్చినప్పుడు మూత సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాం. మూత తెరిచి ఉంటే ఆవిరి పైనుంచే పోతుంది కాబట్టి బాగున్న కెటిల్ కూడా ఆగదు. (మిగతా బ్యాచ్‌ల వాళ్లు కూడా ఇది గుర్తుంచుకోండి.) ఆ ఊహతోనే మూడు వారాలు గడిపేశాం. ఆ ఆలస్యం మాదే, క్షమించండి.

కెటిల్ తిరిగివ్వడానికి బిల్లు అక్కర్లేదు, డబ్బా కూడా అక్కర్లేదు. వారంటీ కార్డు మీదున్న కస్టమర్ కేర్ నంబర్‌కి ఫోన్ చేసి బ్యాచ్ నంబర్ చెబితే చాలు, కొరియర్ మనిషి ఇంటికొచ్చి తీసుకెళ్తాడు. ఖర్చు మాది. ఎవరో బహుమతిగా ఇచ్చినదైనా సరే, కెటిల్ ఎవరి దగ్గరుంటే వాళ్లకే డబ్బు గానీ కొత్త కెటిల్ గానీ ఇస్తాం.

డబ్బు కావాలంటే కెటిల్ మాకు చేరిన ఏడు పనిదినాల్లో మీ ఖాతాలో పడుతుంది. కొత్త కెటిల్ కావాలంటే మాత్రం దాదాపు నాలుగు వారాలు పడుతుంది. సీల్ ఆకారం మార్చాం, దాన్ని వేలసార్లు మరిగించి చూసే పరీక్ష ఇంకా నడుస్తోంది. అది పూర్తయ్యేదాకా ఒక్కటి కూడా పంపం. ఇప్పటికే కొత్తగా ఆర్డర్ పెట్టినవాళ్లకి కూడా ఇదే ఆలస్యం. ఆగలేమనుకుంటే ఆర్డర్ రద్దు చేసుకోండి, పూర్తి డబ్బు ఇచ్చేస్తాం. తేదీ మళ్లీ మారితే మీరు అడిగేలోపే మేమే చెబుతాం.

ఒక్క జాగ్రత్త. ఈ పని కోసం మా వాళ్లెవరూ మీ ఓటీపీ గానీ కార్డు వివరాలు గానీ అడగరు. అడిగితే ఫోన్ పెట్టేసి, వారంటీ కార్డు మీది నంబర్‌కి మీరే చేయండి. ఈ నెలంతా ఉదయం 8 నుంచి రాత్రి 9 వరకు, ఆదివారాలు కూడా, ఫోన్ ఎత్తడానికి మనుషులుంటారు.

కస్టమర్ సర్వీస్ విభాగం