బ్యాడ్మింటన్‌లో పాయింటు ఎవరిది, సర్వీస్ ఎక్కణ్ణుంచి?

శనివారం జరిగే ఇంటర్ స్కూల్ మ్యాచులకు ముందు పిల్లలూ, గ్యాలరీలో కూర్చునే తల్లిదండ్రులూ ఒకసారి చదవండి.

ర్యాలీ గెలిచినవాళ్లకే పాయింటు. సర్వీస్ ఎవరు చేశారన్నది లెక్క కాదు. 2006కు ముందు సర్వీస్ చేసినవాళ్లకే పాయింటు వచ్చేది. అప్పట్లో ఆడిన పెద్దలు ఇప్పటికీ ‘సర్వీస్ మాత్రమే చేతులు మారింది, పాయింటు రాదు కదా’ అని పొరబడుతుంటారు.

ఒక్కో గేమ్ 21 పాయింట్లకు. 20-20 అయితే రెండు పాయింట్ల ఆధిక్యం రావాలి. అలా సాగి 29-29 దాకా వస్తే తర్వాతి పాయింటుతోనే గేమ్ అయిపోతుంది. మూడింటిలో రెండు గేములు గెలిస్తే మ్యాచ్. ముందున్నవాళ్లు 11కి చేరగానే 60 సెకన్ల విరామం ఉంటుంది. మూడో గేములో అప్పుడే కోర్టు కూడా మారాలి.

సర్వీస్ చేసేవాళ్ల సొంత స్కోరు సరిసంఖ్య అయితే కుడి నుంచి, బేసి అయితే ఎడమ నుంచి సర్వీస్ చేయాలి. అవతలివాళ్ల స్కోరు చూసే పనిలేదు. తికమకంతా డబుల్స్‌లోనే. ఎ-బి జంట, సి-డి జంట ఆడుతున్నాయనుకుందాం. 0-0 వద్ద ఎ కుడి నుంచి సికి సర్వీస్ చేసి పాయింటు గెలిచాడు. ఎ, బి చోట్లు మార్చుకున్నారు, ఈసారి ఎ ఎడమ నుంచి డికి వేస్తాడు. ఈ పాయింటు సి-డికి వచ్చింది, స్కోరు 1-1. ఇప్పుడు ఎవరూ చోటు మారరు. సి-డి స్కోరు బేసి కాబట్టి ఎడమవైపున్న డి సర్వీస్ చేస్తాడు. సర్వీస్ చేస్తూ పాయింటు గెలిచిన జంటే చోట్లు మారుతుంది. పొరపాటున తప్పు చోటునుంచి ఆడేస్తే స్థానాలు సరిదిద్దుతారు, వచ్చిన పాయింటు మాత్రం పోదు.

సర్వీస్ ఫాల్టుల్లో ఎక్కువ గొడవ ఎత్తు గురించే. కొట్టే క్షణాన ఈకలతో సహా మొత్తం షటిల్ నేల నుంచి 1.15 మీటర్ల కిందే ఉండాలి. ఇంట్లో గోడమీద ఆ ఎత్తున టేపు అంటించి సాధన చేస్తే చాలు. పొట్టి పిల్లలకు ఇది ఛాతీ దగ్గరికి వస్తుంది, వాళ్లకు ఇబ్బంది తక్కువ. పొడుగు పిల్లలే జాగ్రత్తపడాలి.

రెండోది కాళ్లు. రాకెట్ ముందుకు కదలడం మొదలైనప్పటి నుంచి షటిల్ తగిలేదాకా రెండు పాదాలూ కొంతైనా నేలను ఆనుకుని, కదలకుండా ఉండాలి. గీత తొక్కినా ఫాల్టే. వెనక కాలు ఈడ్చడం చాలామందికి అలవాటు, చేస్తున్నట్టు వాళ్లకే తెలియదు. రాకెట్ ముందుకు మొదలుపెట్టి మధ్యలో ఆపి మోసం చేయకూడదు. ముందు ఈకలను కాదు, కార్కునే కొట్టాలి. కొట్టబోయి షటిల్ తగలకపోయినా పాయింటు పోయినట్టే.

నెట్ తాకి సరైన గడిలో పడిన సర్వీస్ చెల్లుతుంది, ఆట ఆగదు. టెన్నిస్ అలవాటున్నవాళ్లు గ్యాలరీ నుంచి ‘లెట్’, అంటే సర్వీస్ మళ్లీ చేయాలి, అని అరిస్తే పిల్లలు ఆగిపోయి పాయింటు పోగొట్టుకుంటున్నారు. దయచేసి అరవకండి. అవతలి ఆటగాడు సిద్ధంగా లేనప్పుడు సర్వీస్ చేస్తే లెట్. అయితే తిప్పికొట్టే ప్రయత్నం చేశాడంటే సిద్ధంగా ఉన్నట్టే లెక్క.